వేగనియంత్రక చరిత్రలో సున్నితత్వం, హంటింగ్: వాట్ నుండి విష్నెగ్రాద్‌స్కీ వరకు

వ్యాససంగ్రహం:

ఆవిరి యంత్రపు వేగాన్ని అదుపులో ఉంచేందుకు 1788లో జేమ్స్ వాట్ అమర్చిన అపకేంద్ర గవర్నర్ మొరటు పరికరమే అయినా నిలకడగా పనిచేసింది. ఆ తరువాతి తరాల ఇంజనీర్లు దానిని మరింత నునుపుగా, మరింత సున్నితంగా తీర్చిదిద్దారు. అలా మెరుగుపడిన గవర్నర్లతో నడిచే యంత్రాలే వేగం నిలవక ఊగిసలాడసాగాయి. ఈ ఊగిసలాటకే హంటింగ్ అని పేరు. సున్నితత్వానికీ హంటింగ్‌కూ ఉన్న సంబంధం చరిత్రలో ఎలా బయటపడిందో, ఆచరణలో దాని అర్థమేమిటో ఒక గణన ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గవర్నర్, అపకేంద్ర బలం, సున్నితత్వం, హంటింగ్, ఐసోక్రోనస్, వాట్, హార్ట్‌నెల్, మాక్స్‌వెల్, విష్నెగ్రాద్‌స్కీ.

1. ప్రవేశిక:

తెలుగు పాఠకునికి గవర్నర్ అనగానే రాజ్‌భవన్ గుర్తుకు వస్తుంది. యంత్రశాస్త్రంలో అదే మాట ఇంజను వేగాన్ని కాచుకొని ఉండే చిన్న పరికరానికి పేరు. రెండింటి మూలమూ ఒక్కటే. గ్రీకు భాషలో ఓడ చుక్కాని పట్టేవాడిని, అంటే కర్ణధారుని సూచించే పదం లాటిన్ గుండా ఇంగ్లీషులోకి వచ్చి ఈ రూపం దాల్చింది. 1948లో నార్బర్ట్ వీనర్ తన నియంత్రణ శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టినప్పుడు ఆ గ్రీకు పదాన్నే ఎంచుకున్నాడు. గవర్నర్లపై వెలువడిన మాక్స్‌వెల్ పత్రాన్ని స్మరించడం కూడా ఆ ఎంపికలో ఒక ఉద్దేశం.

కర్ణధారుని పోలిక ఈ పరికరానికి చక్కగా అతుకుతుంది. ఓడ కొద్దిగా పక్కకు ఒరిగిన ప్రతిసారీ చుక్కానిని బలంగా తిప్పేవాడు ఓడను దారిలో పెట్టలేడు, అటూ ఇటూ ఊపుతాడు. ఏమాత్రం తేడా వచ్చినా వెంటనే స్పందించాలనే కోరిక ఏ హద్దు దాటితే చేటు చేస్తుంది? పంతొమ్మిదో శతాబ్దపు ఇంజనీర్లనూ గణితజ్ఞులనూ దశాబ్దాలపాటు వేధించిన ప్రశ్న ఇదే.

2. పిండిమర నుండి ఆవిరి యంత్రానికి:

అపకేంద్ర గవర్నర్‌ను మొదట ఊహించినవాడు వాట్ కాడు. ఇంగ్లండ్‌లోని గాలిమరలలో గాలి ఉద్ధృతమైనప్పుడు తిరగలిరాళ్లు వేగంగా తిరిగి, పైరాయి లేచి, పిండి బరకగా వచ్చేది. రాళ్ల మధ్య ఎడాన్ని వేగానికి తగినట్టు సర్దడానికి, తిరిగే కడ్డీకి వేలాడే బరువులను మరల నిర్మాతలు అప్పటికే వాడుతున్నారు. థామస్ మీడ్ 1787లో అలాంటి ఏర్పాటుకు పేటెంట్ పొందాడు.

ఆ కాలంలోనే లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన చేరువన ఆల్బియన్ మిల్లు పనిచేస్తుండేది. వాట్, ఆయన భాగస్వామి మాథ్యూ బోల్టన్ తయారుచేసిన ఆవిరి యంత్రాలతో ధాన్యం విసిరే పెద్ద కర్మాగారమది. 1788 మే నెలలో బోల్టన్ అక్కడి రాళ్లకు అమర్చిన అపకేంద్ర పరికరాన్ని చూసి వాట్‌కు ఉత్తరం ద్వారా వర్ణించాడు. ఆ సూత్రాన్ని రాళ్లకు బదులు యంత్రానికే వర్తింపజేయవచ్చని గ్రహించడం వాట్ ప్రతిభ. ఆ ఏడాది ముగిసేలోగా బర్మింగ్‌హామ్ సమీపంలోని సోహో కర్మాగారంలో లోహపు వస్తువులకు మెరుగుపెట్టే యంత్రాలను నడిపే ఇంజనుకు గవర్నర్ అమరింది. ల్యాప్ ఇంజన్‌గా పేరుపొందిన ఆ యంత్రం నేడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. సూత్రం తనది కానందున వాట్ దానికి పేటెంట్ తీసుకోలేదు.

నిర్మాణం సరళమే. నిలువు కడ్డీకి పైభాగాన రెండు చేతులు కీలుపై వేలాడుతూ ఉంటాయి. వాటి చివర ఇనుప గోళాలు ఉంటాయి. ఇంజను ఈ కడ్డీని తిప్పుతుంది. వేగం పెరిగితే గోళాలు దూరంగా జరిగి పైకి లేస్తాయి. అవి లేచినప్పుడు కడ్డీ మీద జారే స్లీవ్ అనే ఉంగరం కదులుతుంది. ఆ కదలిక తులాదండం ద్వారా ఆవిరి గొట్టంలోని థ్రాటిల్ వాల్వ్‌కు చేరి దాన్ని కొంత మూస్తుంది. వేగం తగ్గితే గోళాలు దిగి వాల్వ్ తెరుచుకుంటుంది.

3. గోళాల ఎత్తు, ఇంజను వేగం:

తిరుగుతున్న గోళం నిజానికి ఒక శాంకవ లోలకం. చేతులు కలిసే బిందువు నుండి గోళాల తలం వరకు ఉండే నిలువు దూరాన్ని ఎత్తు అనుకుంటే, అది గోళం బరువుపై గానీ చేయి పొడవుపై గానీ ఆధారపడదు, కోణీయ వేగంపైన మాత్రమే ఆధారపడుతుంది. సూత్రం h = g/ω². ఎత్తును మీటర్లలోనూ వేగాన్ని నిమిషానికి చుట్లలోనూ చెప్పుకుంటే ఇది సుమారుగా h = 895/N² అవుతుంది.

నిమిషానికి 60 చుట్ల వద్ద ఎత్తు దాదాపు 25 సెంటీమీటర్లు. వేగం 5 శాతం తగ్గి 57 అయితే ఎత్తు సుమారు 27.5 సెంటీమీటర్లు, 5 శాతం పెరిగి 63 అయితే 22.5 సెంటీమీటర్లు. అంటే వాల్వును నడపడానికి 5 సెంటీమీటర్ల కదలిక దొరుకుతుంది. వాట్ కాలపు నెమ్మది యంత్రాలకు ఇది చాలు. అదే గవర్నర్‌ను 300 చుట్ల వేగంతో తిప్పితే ఎత్తు ఒక సెంటీమీటరుకు కుదించుకుపోతుంది. అక్కడ 5 శాతం వేగం పెరిగినా గోళాలు ఒక మిల్లీమీటరు కూడా లేవవు. వేగవంతమైన ఇంజన్లకు వాట్ గవర్నర్ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

1858 ప్రాంతంలో అమెరికన్ ఇంజనీరు చార్లెస్ పోర్టర్ స్లీవ్ మీద బరువైన దిమ్మె నిలిపి ఈ ఇబ్బందిని దాటాడు. చిన్న గోళాలు పెద్ద బరువును ఎత్తాలంటే వేగంగా తిరగాలి. కాబట్టి ఎక్కువ వేగం వద్ద కూడా ఎత్తు తగినంత మిగులుతుంది. పైగా కీళ్లలోని ఘర్షణ ఈ పెద్ద బరువు ముందు అల్పమై గవర్నర్ చురుకుగా స్పందిస్తుంది. ఆ తరువాత విల్సన్ హార్ట్‌నెల్ వంటివారు బరువుకు బదులు స్ప్రింగును వాడారు. స్ప్రింగు బిగువు ఎంత ఉండాలో నిర్మాతే నిర్ణయించవచ్చు గనుక గవర్నర్ స్వభావం చాలావరకు అతని అధీనంలోకి వచ్చింది. సున్నితత్వాన్ని ఇష్టం వచ్చినంత పెంచుకునే వీలు అలా చేతికందింది.

4. సున్నితత్వం అంటే ఏమిటి?

గవర్నర్ వేగాన్ని ఒకే అంకె వద్ద నిలుపుతుందని సామాన్యంగా అనుకుంటారు. వాట్ గవర్నర్ అలా చేయదు. భారం పెరిగినప్పుడు ఇంజనుకు ఎక్కువ ఆవిరి కావాలి. ఎక్కువ ఆవిరి రావాలంటే వాల్వ్ ఎక్కువగా తెరిచి ఉండాలి. వాల్వ్ తెరిచి ఉండాలంటే గోళాలు కిందికి దిగి ఉండాలి. గోళాలు దిగి ఉండాలంటే వేగం తక్కువగా ఉండాలి. కాబట్టి ఒక్కొక్క భారానికి ఒక్కొక్క వేగం ఏర్పడుతుంది. భారం లేనప్పటి వేగానికీ పూర్తి భారం ఉన్నప్పటి వేగానికీ మధ్య ఉండే ఈ తేడాను ఇంజనీర్లు డ్రూప్ అంటారు. ఈ వ్యాసంలో దీన్ని వేగభేదం అని వ్యవహరించడం జరిగింది.

స్లీవ్ అడుగు నుండి పైకి ప్రయాణించడానికి ఎంత తక్కువ వేగభేదం సరిపోతే ఆ గవర్నర్ అంత సున్నితమైనది. దీన్ని కొలవడానికి గరిష్ఠ, కనిష్ఠ వేగాల తేడాను సగటు వేగంతో భాగిస్తారు. ఈ పద్ధతిలో చిన్న అంకె ఎక్కువ సున్నితత్వాన్ని తెలుపుతుంది. కొన్ని పాఠ్యగ్రంథాలు ఈ నిష్పత్తిని తలకిందులుగా రాస్తాయి. అక్కడ పెద్ద అంకె ఎక్కువ సున్నితత్వాన్ని తెలుపుతుంది. రెండు గ్రంథాలను పోల్చేటప్పుడు ఏ నిర్వచనం వాడారో ముందుగా చూడడం అవసరం. వేగభేదం పూర్తిగా సున్నా అయిన గవర్నర్‌ను ఐసోక్రోనస్ అంటారు. అది ఒకే ఒక వేగం వద్ద ఏ స్థానంలోనైనా సమతాస్థితిలో ఉండగలదు. సిద్ధాంతం ప్రకారం దాని సున్నితత్వం అనంతం.

పంతొమ్మిదో శతాబ్దపు నిర్మాతలకు వేగభేదం ఒక లోపంగా కనిపించింది. దారం తెగకుండా వడకాలన్నా, బట్ట సమంగా నేయాలన్నా భారం మారినప్పుడల్లా వేగం మారకూడదు. అందువల్ల ఐసోక్రోనస్ గవర్నర్ ఆదర్శంగా నిలిచింది.

5. హార్ట్‌నెల్ గవర్నర్: ఒక గణన:

ఈ ఆదర్శాన్ని సమీపిస్తే ఏమవుతుందో చూడడానికి స్ప్రింగు గవర్నర్ అనువైన ఉదాహరణ. ఒక గోళం ద్రవ్యరాశి 2 కిలోగ్రాములనీ, అది కడ్డీ నుండి 10 సెంటీమీటర్ల దూరం మొదలు 12 సెంటీమీటర్ల దూరం వరకు కదులుతుందనీ అనుకుందాం. గోళం బరువు వల్ల కలిగే స్వల్ప ప్రభావాన్ని వదిలివేసి, గోళాన్ని లోపలికి లాగేది స్ప్రింగు ఒక్కటే అని భావించవచ్చు.

లోపలి స్థానంలో 300 చుట్ల వద్ద గోళాన్ని పట్టి ఉంచడానికి సుమారు 197 న్యూటన్ల బలం కావాలి. బయటి స్థానంలో 312 చుట్ల వద్ద 256 న్యూటన్లు కావాలి. అంటే గోళం ఒక సెంటీమీటరు జరిగితే బలం 29.4 న్యూటన్లు పెరిగే స్ప్రింగు అవసరం. ఈ గవర్నర్ వేగభేదం 12 చుట్లు, సగటుతో పోలిస్తే సుమారు 4 శాతం.

ఇంజను కాస్త వేగంగా నడవాలని డ్రైవరు స్ప్రింగు మీది మరను బిగించాడనుకుందాం. బిగింపు వల్ల స్ప్రింగు గట్టిదనం మారదు. అన్ని స్థానాలలోనూ దాని లాగుడు మాత్రం ఒకే మొత్తంలో పెరుగుతుంది. ఆ పెరుగుదల 40 న్యూటన్లయితే లోపలి స్థానానికి వేగం 329, బయటి స్థానానికి 335.5 అవుతుంది. డ్రైవరు కోరినట్టే వేగం పెరిగింది. అతడు కోరనిది మరొకటి కూడా జరిగింది. వేగభేదం 4 శాతం నుండి 2 శాతానికి తగ్గి, గవర్నర్ రెట్టింపు సున్నితమైంది.

మొత్తం బిగింపు సుమారు 97 న్యూటన్లకు చేరితే లోపలి స్థానానికీ బయటి స్థానానికీ వేగం ఒక్కటే, 366 చుట్లు. గవర్నర్ ఐసోక్రోనస్ అయింది. 120 న్యూటన్లకు బిగిస్తే లెక్క తిరగబడుతుంది. లోపలి స్థానానికి 380 చుట్లు, బయటి స్థానానికి 378 చుట్లు వస్తాయి. గోళాలు 380 చుట్ల వద్ద ఒక్కసారి కదలడం మొదలుపెడితే బయట నిలవడానికి ఇంకా తక్కువ వేగమే చాలు గనుక మధ్యలో ఎక్కడా ఆగక చివరిదాకా పోతాయి. వాల్వ్ ఒక్క ఊపున మూసుకుంటుంది. వేగం బాగా పడిపోయాక గోళాలు అదే తీరున లోపలికి వచ్చి వాల్వును పూర్తిగా తెరుస్తాయి. ఇలాంటి గవర్నర్‌ను అస్థిరమైనదంటారు.

ఈ గణన తెలిపేది ఒక్కటే. స్ప్రింగు బలాన్ని దూరంతో పాటు గీసే రేఖ మూలబిందువుకు కిందుగా పోతే గవర్నర్ స్థిరం, మూలబిందువు గుండా పోతే ఐసోక్రోనస్, పైగా పోతే అస్థిరం. ఈ మూడు స్థితుల మధ్య దూరం మర తిప్పినంత మాత్రమే.

6. హంటింగ్ పుట్టే విధం:

అస్థిరమైన గవర్నర్ పనికిరాదని ఎవరైనా ఒప్పుకుంటారు. ఆశ్చర్యం కలిగించేది ఐసోక్రోనస్ స్థితికి దగ్గరగా ఉన్న గవర్నర్ ప్రవర్తన. కాగితం మీద అది స్థిరమే, ఇంజనుకు అమర్చాక మాత్రం నిలవదు.

కారణం కాలవ్యవధిలో ఉంది. ఇంజను మీద భారం కొంత తగ్గిందనుకుందాం. వేగం పెరుగుతుంది, గోళాలు లేస్తాయి, వాల్వ్ మూసుకుంటుంది. అయితే అప్పటికే సిలిండరులోకి చేరిన ఆవిరి తన పని తాను చేస్తూనే ఉంటుంది. బరువైన ఫ్లైవీలు కూడబెట్టుకున్న వేగం తక్షణం తగ్గదు. గోళాలకు కూడా జడత్వం ఉంది గనుక ఆగవలసిన చోట ఆగక ముందుకు పోతాయి. వేగం సరైన అంకెకు వచ్చేసరికి వాల్వ్ అవసరమైన దానికంటే ఎక్కువగా మూసుకొని ఉంటుంది. అందువల్ల వేగం ఇంకా పడిపోతుంది. గోళాలు దిగడం మొదలుపెడతాయి, మళ్లీ హద్దు దాటి దిగుతాయి. వేగం పెరిగి కథ మొదటికి వస్తుంది.

వేగభేదం తగినంత ఉన్న గవర్నర్‌లో స్లీవ్ కొంత కదలగానే కొత్త వేగం వద్ద దానికి నిలిచే చోటు దొరుకుతుంది. అతి సున్నితమైన గవర్నర్‌లో వేగం అర శాతం మారినా స్లీవ్ సగం దూరం ప్రయాణిస్తుంది. దిద్దుబాటు అవసరాన్ని మించి జరుగుతుంది. ఇంజను తన వేగాన్ని వెతుక్కుంటూ పైకీ కిందికీ తారాడుతున్నట్టు కనిపిస్తుంది గనుకనే దీనికి వేట అనే అర్థమిచ్చే హంటింగ్ అన్న పేరు వచ్చింది. సున్నితత్వం గవర్నర్ ఒక్కదాని గుణం. హంటింగ్ గవర్నర్, ఇంజను, భారం కలిసి చేసే చలనం. గవర్నర్‌ను విడిగా తీసి ఎంత పరీక్షించినా హంటింగ్ సంగతి పూర్తిగా తేలదు.

7. ఎయిరీ, మాక్స్‌వెల్, విష్నెగ్రాద్‌స్కీ:

ఈ చలనాన్ని గణితంతో పట్టుకునే ప్రయత్నం ఆవిరి యంత్రాల దగ్గర కాక దూరదర్శిని దగ్గర మొదలైంది. భూమి తిరుగుతున్నప్పటికీ నక్షత్రం కనుచూపులో నిలవాలంటే దూరదర్శిని సమవేగంతో తిరగాలి. ఇంగ్లండ్ రాజ ఖగోళజ్ఞుడు జార్జ్ బిడెల్ ఎయిరీ అందుకోసం గవర్నర్ గల గడియార యంత్రాన్ని వాడినప్పుడు, అది కొన్ని పరిస్థితులలో అదుపు తప్పి ఊగిపోవడం గమనించాడు. 1840లో ఆయన ప్రచురించిన పత్రం నియంత్రిత యంత్రపు అస్థిరతను అవకలన సమీకరణాలతో పరిశీలించిన తొలి రచనలలో ఒకటి.

జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఈ సమస్యకు విద్యుత్ నిరోధపు ప్రమాణాన్ని నిర్ణయించే ప్రయోగాల ద్వారా చేరువయ్యాడు. అక్కడ ఒక తీగచుట్ట స్థిరమైన వేగంతో తిరగాలి. 1868లో రాయల్ సొసైటీ ప్రచురించిన పత్రంలో ఆయన ఒక ఉపయోగకరమైన భేదం చూపాడు. వేగం ఎంత మారితే అంత దిద్దుబాటు చేసే పరికరాలను మోడరేటర్లన్నాడు. ఇవి కొంత వేగభేదాన్ని మిగులుస్తాయి. తేడా పూర్తిగా తొలగేవరకు దిద్దుబాటును కొనసాగించే వాటినే నిజమైన గవర్నర్లన్నాడు. ఆయన లెక్కలో వాట్ పరికరం మోడరేటరే.

సమతాస్థితి నుండి యంత్రం కొద్దిగా కదిలినప్పుడు ఆ కదలిక నాలుగు విధాలుగా సాగవచ్చునని మాక్స్‌వెల్ వివరించాడు. అది నిరంతరం పెరగవచ్చు, నిరంతరం తగ్గవచ్చు, పెరుగుతున్న ఊపుతో డోలనం చెందవచ్చు, తగ్గుతున్న ఊపుతో డోలనం చెందవచ్చు. రెండవదీ నాలుగవదీ మాత్రమే సమ్మతం. మూడవది హంటింగ్‌కు గణితరూపం. సరళమైన యంత్రాలకు స్థిరత్వ నిబంధనను మాక్స్‌వెల్ సాధించాడు. ఎక్కువ భాగాలున్న యంత్రాలకు సాధారణ నిబంధనను 1877 నాటి ఆడమ్స్ బహుమతి వ్యాసంలో ఎడ్వర్డ్ రౌత్ సాధించాడు.

అయితే ఫ్యాక్టరీలోని ఇంజనీరుకు నేరుగా పనికివచ్చే సమాధానం రష్యా నుండి వచ్చింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ సాంకేతిక సంస్థ ఆచార్యుడు, తరువాతి కాలంలో రష్యా ఆర్థికమంత్రి అయిన ఇవాన్ విష్నెగ్రాద్‌స్కీ 1876లో ఫ్రెంచి అకాడమీ పత్రికలో తన ఫలితాన్ని ప్రకటించాడు. ఆయన ఇంజనునూ గవర్నర్‌నూ ఒకే వ్యవస్థగా తీసుకున్నాడు. ఆధునిక గ్రంథాలలో ఆయన నిబంధన bJν/m > 1 అనే రూపంలో కనిపిస్తుంది. ఇందులో b గవర్నర్ కదలికను అడ్డగించే ఘర్షణ, J ఫ్లైవీలు జడత్వ భ్రామకం, ν భారంతో పాటు వేగం మారే మేర అంటే వేగభేదం, m గోళాల ద్రవ్యరాశి. ఎడమవైపు విలువ ఒకటిని మించితే డోలనాలు చల్లారుతాయి, మించకపోతే చల్లారవు.

ఈ చిన్న అసమానత ఒక తరం ఇంజనీర్ల అనుభవాన్ని విప్పి చెప్పింది. ఇంజన్లు శక్తిమంతమై వాల్వులు బరువెక్కినకొద్దీ వాటిని కదిలించడానికి పెద్ద గోళాలు వాడారు, m పెరిగింది. యంత్రభాగాలను నునుపుగా తయారుచేసే నైపుణ్యం పెరిగింది, b తగ్గింది. ఇంజన్ల వేగం పెరిగి ఫ్లైవీళ్లు తేలికయ్యాయి, J తగ్గింది. సమవేగం కోసం వేగభేదాన్ని కుదించారు, ν తగ్గింది. విడివిడిగా చూస్తే నాలుగూ పురోగతే. నాలుగూ కలిసి ఇంజనును హంటింగ్ వైపు నెట్టాయి. వాట్ గవర్నర్ నిలకడకు కారణం దాని బిరుసు కీళ్లు, బరువైన ఫ్లైవీలు, ధారాళమైన వేగభేదమే. ఘర్షణ లేనిదే గవర్నర్ లేదు, వేగభేదం లేనిదే గవర్నర్ లేదు అన్నది విష్నెగ్రాద్‌స్కీ పరిశోధన సారాంశం.

8. ఆచరణలో సున్నితత్వం, హంటింగ్:

ఇక్కడ ఒక అపోహకు తావుంది. ఘర్షణ మేలు చేస్తుందంటే కీళ్లకు నూనె వేయకుండా వదిలేయవచ్చని కాదు. విష్నెగ్రాద్‌స్కీ సమీకరణంలోని ఘర్షణ కదలిక వేగాన్ని బట్టి పెరిగేది, కదలిక లేనప్పుడు సున్నా అయ్యేది. చిక్కని నూనెలో కదిలే ముషలకం ఇచ్చే నిరోధం అలాంటిది. డ్యాష్‌పాట్ అనే పరికరం చేసే పని అదే. నూనె నింపిన చిన్న సిలిండరులో స్లీవ్‌కు తగిలించిన ముషలకం కదులుతుంది. గోళాలు గబగబా కదలబోతే అడ్డుపడుతుంది, మెల్లగా కొత్త చోటికి చేరబోతే దారి ఇస్తుంది.

తుప్పు పట్టిన కీలులోని పొడి ఘర్షణ తీరు వేరు. కదలిక మొదలయ్యే ముందే అది అడ్డుకుంటుంది. స్లీవ్ వద్ద 294 న్యూటన్ల మొత్తం భారంతో 200 చుట్ల వద్ద పనిచేసే పోర్టర్ గవర్నర్‌ను తీసుకుంటే, కీళ్లలో 6 న్యూటన్ల పొడి ఘర్షణ ఉన్నా 198 నుండి 202 చుట్ల వరకు గవర్నర్ ఏమీ చేయదు. ఆ పరిధిలో ఇంజను వేగం ఇష్టానుసారం మారుతుంది. ఆ హద్దు దాటాక స్లీవ్ ఒక్క కుదుపుతో కదిలి అవసరానికి మించి పోతుంది. ఈ విధంగా బిగుసుకున్న కీళ్లు కూడా హంటింగ్‌కు కారణం కాగలవు. అరిగిన కీళ్లలోని వదులు ఫలితమూ ఇంచుమించు ఇంతే.

వేగం పెరిగి తగ్గే ఇంజను దగ్గర నిలబడిన మెకానిక్ మొదట తేల్చుకోవలసినది, ఆ ఊపు గవర్నర్‌దా, ఇంజనుదా అని. హంటింగ్‌లో శబ్దం ఒక లయతో పెరిగి తగ్గుతుంది, దానితో పాటే ఇంధన తులాదండం కొద్దిగా వెనకబడి అటూ ఇటూ కదులుతుంది. భారం స్థిరంగా ఉంచి ఆ తులాదండాన్ని ఒక చోట జాగ్రత్తగా పట్టి ఉంచాలి. ఊపు ఆగితే దోషం గవర్నర్‌లోనో దాని కీళ్లలోనో ఉంది. ఆగకపోతే ఇంధనంలో గాలి, నీరు చేరడం, ఒక సిలిండరు సరిగా మండకపోవడం, భారమే మారుతూ ఉండడం వంటి కారణాలు వెతకాలి. పట్టుకున్నప్పుడు భారం హఠాత్తుగా తగ్గితే ఇంజను అతివేగానికి పోగలదు గనుక ఈ పరీక్ష కొద్ది క్షణాలకే పరిమితం కావాలి.

దోషం గవర్నర్‌దేనని తేలితే క్రమం ఇలా ఉంటుంది. ముందు కీళ్లు స్వేచ్ఛగా, వదులు లేకుండా కదులుతున్నాయో లేదో చూడాలి. తరువాత డ్యాష్‌పాట్‌లో నూనె ఉందో లేదో చూడాలి. ఆ తరువాతే స్ప్రింగు జోలికి పోవాలి. హార్ట్‌నెల్ గవర్నర్ గణన చూపినట్టు, వేగం పెంచడానికి ఎవరో మర బిగించడం తరచు అసలు కారణం అవుతుంది. అప్పుడు బిగింపు తగ్గించి, కావలసిన వేగాన్ని గవర్నర్‌ను తిప్పే పుల్లీ లేదా పళ్లచక్రాల నిష్పత్తి మార్చి సాధించాలి. కొంత వేగభేదాన్ని ఒప్పుకోవడమే దీనికి చెల్లించే మూల్యం.

వేగభేదం విలువ ఒకే ఇంజను వద్ద కంటే అనేక యంత్రాలు కలిసి పనిచేసే చోట ఇంకా స్పష్టమవుతుంది. రెండు ఐసోక్రోనస్ జనరేటర్లను ఒకే లైనుకు కలిపితే భారాన్ని ఎవరెంత మోయాలో నిర్ణయించే సూచిక ఏదీ ఉండదు. వేగం అమరికలో సూక్ష్మమైన తేడా చాలు, ఒకటి భారమంతా నెత్తికెత్తుకుంటుంది, మరొకటి వదిలేస్తుంది. వేగభేదం ఉన్నప్పుడు తగ్గిన పౌనఃపున్యమే సూచిక అవుతుంది. దక్షిణ భారత విద్యుత్ గ్రిడ్ 2013 డిసెంబర్ 31న మిగతా దేశపు గ్రిడ్‌తో ఏకమైన తరువాత శ్రీశైలం, నాగార్జునసాగర్ టర్బైన్లు నడిచేటప్పుడు దేశమంతటి జనరేటర్లతో ఒకే 50 హెర్ట్జ్ పౌనఃపున్యానికి కట్టుబడి తిరుగుతాయి. గ్రిడ్ నియమాలు గవర్నర్లకు 3 నుండి 6 శాతం వేగభేదాన్ని నిర్దేశించాయి. 4 శాతం వేగభేదం గల యంత్రానికి పూర్తి భారపు పరిధి 2 హెర్ట్జ్. పౌనఃపున్యం 0.1 హెర్ట్జ్ తగ్గితే అది తన సామర్థ్యంలో 5 శాతం అదనంగా ఇస్తుంది. పెద్ద యంత్రం పెద్ద వాటానూ, చిన్న యంత్రం చిన్న వాటానూ ఎవరూ ఆదేశించకుండానే అందుకుంటాయి. మిగిలిన పౌనఃపున్య లోటును వేరే ఏర్పాటు నిదానంగా పూరిస్తుంది. వేగమైన దిద్దుబాటు మోడరేటరుకూ, సంపూర్ణమైన దిద్దుబాటు నిదానపు నియంత్రకానికీ అప్పగించిన ఈ విభజనలో మాక్స్‌వెల్ చూపిన భేదం కనిపిస్తుంది.

9. ముగింపు:

వాట్ నుండి విష్నెగ్రాద్‌స్కీ వరకు గడిచిన 88 ఏళ్లలో అపకేంద్ర గవర్నర్ నిర్మాణం ఎంతో మెరుగైంది. ఆ మెరుగుదలే ఊగిసలాటను తెచ్చిపెట్టింది. ఒక పరికరపు సున్నితత్వాన్ని దాని కదలికను చల్లార్చే ఏర్పాటుతోనూ, అది నడిపే యంత్రపు జడత్వంతోనూ కలిపి మాత్రమే అంచనా వేయాలన్నది ఈ చరిత్ర నుండి తేలిన విషయం. తొలితరం ఇంజనీర్లు లోపంగా భావించి తొలగించదలచిన వేగభేదమూ, కదలికను అడ్డగించే ఘర్షణా గవర్నర్‌ను నిలకడగా ఉంచే అంగాలని గణితం నిరూపించింది. నేడు గోళాల స్థానాన్ని చాలాచోట్ల ఎలక్ట్రానిక్ పరికరాలు ఆక్రమించాయి. అయినా ఎంత వేగభేదం ఉంచాలి, ఎంత నిరోధం పెట్టాలి అన్న రెండు నిర్ణయాలూ ఈనాటి గవర్నర్‌ను అమర్చే ఇంజనీరు ముందు అలాగే ఉన్నాయి.